నాలుగో డౌన్‌లో బంతిని ఎందుకు తన్నేస్తారు?

ప్రశ్న: డాలస్ వచ్చాక ఆఫీసు వాళ్లతో కలిసి ఆదివారాలు అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తున్నాను గానీ, ఈ డౌన్ల లెక్క పట్టుబడడం లేదు. నాలుగు అవకాశాలు ఉన్నప్పుడు మూడే ఆడి, నాలుగోసారి బంతిని చేతులారా ఎదుటివాళ్లకు తన్నేయడం ఏమిటి? రెండు గజాలే మిగిలినా అదే పని చేస్తున్నారు. ఎవరైనా వివరంగా చెబుతారా?

జవాబు:

డౌన్ అంటే ఒక ప్రయత్నం. ముందువరుస మధ్యలో వంగి నిలబడిన సెంటర్ అనే ఆటగాడు బంతిని కాళ్ల సందునుంచి వెనక్కి అందించినప్పుడు డౌన్ మొదలవుతుంది. ఆ అందించడాన్నే స్నాప్ అంటారు. బంతి పట్టుకున్నవాణ్ని నేల కూల్చినప్పుడో, అతడు పక్కగీత దాటి బయటికి పోయినప్పుడో, విసిరిన బంతి ఎవరి చేతికీ చిక్కకుండా నేలను తాకినప్పుడో ఆ డౌన్ ముగుస్తుంది. బంతి ఉన్న జట్టు నాలుగు డౌన్లలోపు పది గజాలు ముందుకు సాగాలి. సాగిన మరుక్షణం పాత లెక్క చెరిగిపోయి, బంతి ఆగిన చోటినుంచి మళ్లీ మొదటి డౌన్, మళ్లీ పది గజాలు మొదలవుతాయి. క్రికెట్ అలవాటున్న మనవాళ్లు దీన్ని ఓవరుతో పోల్చుకుని తికమకపడడం నేను తరచుగా చూస్తుంటాను. ఓవరులో ఎంత బాగా ఆడినా బంతులు ఆరే. ఇక్కడ మాత్రం అనుకున్న దూరం సాధిస్తున్నంతకాలం ప్రయత్నాలకు అంతే లేదు. ఒకే జట్టు పదిహేను డౌన్లు వరుసగా ఆడి మైదానమంతా దాటిపోవడం అరుదేమీ కాదు.

టీవీ తెరమీద `2nd & 7` అని కనిపిస్తే, ఇది రెండో డౌన్, ఇంకా ఏడు గజాలు కావాలి అని అర్థం. తెరపై కనిపించే పసుపు గీత చేరవలసిన చోటును చూపిస్తుంది గానీ, అది కంప్యూటరు గీసిన బొమ్మ మాత్రమే, మైదానంలో లేదు. మైదానంలో ఉండేవి పక్కగీత వెంబడి నిలబెట్టే రెండు కర్రలు, వాటిని కలిపే పది గజాల గొలుసు. మా ఊరి హైస్కూలు ఆటల్లో ఆ కర్ర పట్టుకుని నిలబడడం నాకు చాలాకాలంగా అలవాటైన పని. స్కూలు స్థాయిలో ఇప్పటికీ ఆ గొలుసే తీర్పు చెబుతుంది. వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో మాత్రం 2025 నుంచి కెమెరాలతో కొలిచే పద్ధతి వచ్చి, గొలుసు వెనకటి తోడుగా మిగిలింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మైదానం పొడవు వంద గజాలు. గీతల అంకెలు రెండు చివరలనుంచీ పెరుగుతూ వచ్చి నడుమ యాభై దగ్గర కలుస్తాయి. మన జట్టుకు తన సొంత 25 గజాల గీత దగ్గర బంతి దొరికిందనుకోండి. మొదటి డౌన్‌లో బంతి పట్టుకుని పరుగెత్తినవాడు మూడు గజాలు సాధించాడు; బంతి 28 దగ్గరికి వచ్చింది, ఇంకా ఏడు కావాలి. రెండో డౌన్‌లో, స్నాప్ అందుకుని ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతి నేలపాలైంది. అప్పుడు బంతి 28కే తిరిగి వస్తుంది, దూరం తగ్గదు, డౌన్ మాత్రం ఖర్చయిపోతుంది. మూడో డౌన్‌లో విసిరిన బంతిని ఒకడు పట్టుకుని ఐదు గజాలు సాగి కూలాడు. ఇప్పుడు బంతి 33 దగ్గర ఉంది, ఇది నాలుగో డౌన్, ఇంకా రెండు గజాలు కావాలి. మీరు అడిగిన పరిస్థితి సరిగ్గా ఇదే.

ఇక్కడ మొత్తం విషయాన్ని నడిపించే నియమం ఒకటుంది. నాలుగో డౌన్ ఆడి, కావలసిన దూరం సాధించలేకపోతే, బంతి ఎక్కడ ఆగిందో అక్కడే ఎదుటి జట్టుకు దక్కుతుంది. మనం 33 దగ్గరే చతికిలబడ్డామనుకుంటే, ప్రత్యర్థి మన గోల్ గీతకు 33 గజాల దూరంలో తన మొదటి డౌన్ మొదలుపెడతాడు. ఆ తర్వాత వాళ్లు ఒక్క గజం కూడా సాగకపోయినా, అక్కడినుంచే బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని మూడు పాయింట్లు తెచ్చుకునే ఫీల్డ్ గోల్‌కు ప్రయత్నించవచ్చు. స్తంభాలు గోల్ గీతకు పది గజాల వెనక ఉంటాయి, తన్నేవాడు బంతిని ఏడు గజాల వెనక నిలబెట్టించుకుంటాడు, కాబట్టి ఆ తన్ను యాభై గజాలది అవుతుంది. నేటి ఎన్ఎఫ్ఎల్ కిక్కర్లకు అది అందని దూరమేమీ కాదు.

మీరు అడిగిన ఆ తన్నేయడాన్నే పంట్ అంటారు. పంట్ చేస్తే జరిగేది వేరు. పంటర్ స్నాప్ చోటుకు దాదాపు పదిహేను గజాల వెనక నిలబడి, చేతిలోని బంతిని వదిలి, నేలను తాకకముందే ఎత్తుగా తంతాడు. స్నాప్ చోటునుంచి లెక్కపెడితే బంతి నలభై ఐదు గజాలు పోయిందనుకుందాం. అది ప్రత్యర్థి 22 గజాల గీత దగ్గర దిగుతుంది. పట్టుకున్నవాడు ఐదు గజాలు వెనక్కి తెచ్చి 27 దగ్గర కూలాడు. ఇప్పుడు వాళ్లు మన గోల్ గీత చేరడానికి 73 గజాలు దాటాలి. ఆడి ఓడిపోతే 33 గజాలు, పంట్ చేస్తే 73 గజాలు: ఈ నలభై గజాలే పంట్ ఇచ్చే లాభం. నాలుగో డౌన్ విఫలమైతే బంతి ఎలాగూ పోతుంది. పంట్ చేసేవాడు వదులుకునేది బంతిని కాదు, ఆ చివరి ప్రయత్నాన్ని. దానికి బదులుగా ఎదుటివాడి ముందు నలభై గజాల నేలను పరుస్తున్నాడు. అందువల్ల దీన్ని పిరికితనంగా చూడడం సరి కాదు. ఇదొక మారకం, ధర ఒక్కోసారి గిట్టుబాటవుతుంది, ఒక్కోసారి కాదు.

ఈ డౌన్ల నియమం ఆటతోపాటు పుట్టింది కాదు. 1881లో యేల్, ప్రిన్స్‌టన్ జట్లు ఆడిన ఆటలో ఒక్కో జట్టు ఒక్కో సగమంతా బంతిని తన దగ్గరే బిగపట్టుకుని కూర్చుంది. ఎవరికీ పాయింటు రాలేదు, చూసినవాళ్లకు విసుగు మిగిలింది. మరుసటి ఏడు వాల్టర్ క్యాంప్ ప్రోద్బలంతో మూడు డౌన్లలో ఐదు గజాలు సాగాలన్న నియమం వచ్చింది. 1906లో దాన్ని పది గజాలు చేశారు, 1912లో నాలుగో డౌన్ చేర్చారు. కెనడావారు ఇప్పటికీ మూడు డౌన్లతోనే ఆడుతున్నారు, అందుకే అక్కడ పంట్లు ఇంకా ఎక్కువ.

ఇక పంట్ నాణ్యత దూరం ఒక్కదానితో తేలదు. బంతి గాలిలో ఎంతసేపు ఉంటుందన్నది అంతకన్నా ముఖ్యం. నాలుగున్నర సెకన్లు పైన ఉంటే, గన్నర్లు అని పిలిచే రెండు చివరల ఆటగాళ్లు పరుగున వెళ్లి, పట్టుకునేవాడి ముందు నిలబడగలరు. అప్పుడతడు చేయి పైకెత్తి ఊపి, పట్టిన చోటే ఆట ఆపేసే హక్కు కోరుకుంటాడు. దాన్ని ఫెయిర్ క్యాచ్ అంటారు. బంతి చదునుగా, వేగంగా పోతే దూరం ఘనంగానే కనిపిస్తుంది గానీ, పట్టినవాడికి ఎదురుగా ఖాళీ మైదానం దొరుకుతుంది. 2010 డిసెంబరు 19న జయంట్స్ జట్టు ఈగిల్స్‌తో ఆడుతూ ఆఖరి క్షణాల్లో 31-31తో సమానంగా ఉండి పంట్ చేసింది. బంతిని పక్కగీత అవతలికి తన్నమని పంటర్‌కు చెప్పి పంపారు. అతడు తిన్నగా ఈగిల్స్ ఆటగాడు డీషాన్ జాక్సన్ దగ్గరికే తన్నాడు. జాక్సన్ బంతిని తొలుత జారవిడిచినా మళ్లీ అందుకుని 65 గజాలు పరుగెత్తి, గడియారం అయిపోతుండగా ఈగిల్స్‌ను గెలిపించాడు. పంట్‌ను భద్రమైన దారి అంటారు గానీ, ఆ భద్రత పంటర్ కాలుమీద, అతని ముందు నిలబడి కాచేవాళ్లమీద ఆధారపడినది. సొంత గోల్ గీతకు అతుక్కుపోయి ఉన్నప్పుడు పంటర్‌కు వెనక్కి నిలబడే చోటు కూడా సరిపోదు, ఎదుటివాడి చేయి బంతికి తగిలే ప్రమాదం పెరుగుతుంది.

మైదానంలో ఎక్కడున్నారన్నదాన్నిబట్టి మారకపు ధర మారుతుంది. సొంత ఇరవై గజాల లోపల ఆడి విఫలమైతే ప్రత్యర్థికి దాదాపు పాయింట్లు చేతికిచ్చినట్టే, అందువల్ల అక్కడ సాధారణంగా పంటే. ప్రత్యర్థి ముప్పై గజాల లోపలికి వెళ్లాక పంట్ ప్రసక్తే ఉండదు, ఫీల్డ్ గోల్ మూడు పాయింట్లు ఎదురుగా ఉంటాయి. చిక్కంతా ప్రత్యర్థి 35నుంచి 40 దాకా ఉన్న ఆ కొద్దిపాటి మేరలో ఉంది. 38 దగ్గరనుంచి ఫీల్డ్ గోల్ అంటే 55 గజాల తన్ను. తప్పితే బంతి తన్నిన చోటే, అంటే ఇంకా ఏడు గజాల వెనక, ప్రత్యర్థికి దక్కుతుంది. పోనీ పంట్ చేద్దామంటే, బంతి గోల్ గీత దాటి పోతే నియమం ప్రకారం దాన్ని 20 గజాల గీత దగ్గరికి తెచ్చి పెడతారు. అప్పుడు 38నుంచి 20కి, అంటే పద్దెనిమిది గజాల కోసం ఒక ప్రయత్నాన్ని అమ్ముకున్నట్టు అవుతుంది. అందుకే ఆ మేరలో రెండు మూడు గజాలు మిగిలిన నాలుగో డౌన్‌ను ఇప్పుడు ఎక్కువ జట్లు ఆడేస్తున్నాయి, ఆడకపోతే స్టేడియంలో నిరసన కేకలు పడతాయి.

రెండు గజాలే మిగిలినా తన్నడం ఎందుకన్న మీ మాటకు సరిగ్గా సరిపోయే సంఘటన ఒకటి ఉంది, ఈ ఆట చూసేవాళ్లు ఇప్పటికీ దానిమీద వాదించుకుంటారు. 2009 నవంబరు 15 రాత్రి ఇండియనాపోలిస్‌లో అక్కడి కోల్ట్స్ జట్టుమీద న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 34-28తో ముందంజలో ఉంది. ఆటలో మిగిలింది 2 నిమిషాల 8 సెకన్లు. బంతి పేట్రియట్స్ సొంత 28 గజాల గీత దగ్గర, నాలుగో డౌన్, రెండు గజాలు కావాలి. ఆ రోజుల్లో వంద మంది కోచ్‌లలో దాదాపు అందరూ పంట్ చేసేవారే. పేట్రియట్స్ కోచ్ బిల్ బెలిచిక్ మాత్రం ఆడమన్నాడు. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ విసిరిన బంతిని కెవిన్ ఫాక్ 30 గీత ప్రాంతంలోనే అందుకున్నాడు గానీ, చేతుల్లో కుదురుకునేలోపు కోల్ట్స్ ఆటగాడు మెల్విన్ బుల్లిట్ అతణ్ని వెనక్కి నెట్టేశాడు. రెఫరీలు దూరం చాలలేదన్నారు. ఆ తీర్పును సవాలు చేయాలంటే చేతిలో ఒక టైమౌట్ మిగిలి ఉండాలి. పేట్రియట్స్ చివరిదాన్ని ఆ డౌన్‌కు ముందే వాడేసుకుంది. బంతి కోల్ట్స్ చేతికి 29 గజాల దూరంలో దక్కింది. ఇంకా 13 సెకన్లు ఉండగా వాళ్ల క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్, రెగ్గీ వేన్‌కు టచ్‌డౌన్ విసిరాడు, అంటే బంతి గోల్ గీత దాటింది. కోల్ట్స్ 35-34తో గెలిచింది. మరునాడు విశ్లేషకులు చాలామంది బెలిచిక్‌ను చీల్చి చెండాడారు.

అయితే బ్రయన్ బర్క్ అనే గణాంక విశ్లేషకుడు వెంటనే వేసిన లెక్క మరోలా తేల్చింది. లెక్క చిన్నదే, కాగితంమీద మనమూ వేసుకోవచ్చు. అలాంటి చోట రెండు గజాలు సాధించే అవకాశం నూటికి అరవై అన్నది ఆయన తీసుకున్న అంచనా. సాధిస్తే పేట్రియట్స్ గడియారాన్ని కరగదీసి గెలుస్తుంది. విఫలమైతే ప్రత్యర్థి ఆ కొద్ది దూరంనుంచి టచ్‌డౌన్ చేసే అవకాశం నూటికి 53. అంటే పేట్రియట్స్‌కు అప్పుడు కూడా 47 వంతులు మిగులుతాయి. అరవైకి, మిగిలిన నలభైలో 47 శాతాన్ని కలిపితే దాదాపు 79. పంట్ చేస్తే నికరంగా 38 గజాలు లాభం వచ్చి, కోల్ట్స్ తన 34 గజాల గీతనుంచి మొదలుపెడుతుంది. అక్కడినుంచి టచ్‌డౌన్ చేసే అవకాశం నూటికి ముప్పై, అంటే పేట్రియట్స్ గెలిచేది డెబ్బై. ఆడితే 79, తంతే 70.

ఈ లెక్కను తిరగేసి చూస్తే ఇంకా ఉపయోగకరమైన సంగతి బయటపడుతుంది. పంట్ ఇచ్చే డెబ్బైకి సమానం కావాలంటే ఆడడంలో ఎంత విజయం ఉండాలి? విఫలమైనా 47 దక్కుతుంది. సఫలమైతే దానికి పైన 53 కలుస్తుంది. డెబ్బై చేరడానికి కావలసింది ఇంకా 23. ఇరవైమూడును యాభైమూడుతో భాగిస్తే నూటికి 43. రెండు గజాలు సాధించే నమ్మకం 43 కన్నా ఎక్కువ ఉంటే ఆడడం, తక్కువైతే తన్నడం. అదే పది గజాలు మిగిలి ఉంటే సాధించే అవకాశం సుమారు మూడో వంతుకు పడిపోతుంది, కాబట్టి ఎంత ధైర్యవంతుడైన కోచ్ అయినా పంటర్‌నే పిలుస్తాడు, ఆ పిలుపు సరైనదే. ఈ లెక్కకు పరిమితి కూడా ఉంది. అందులోని అంకెలన్నీ సగటు జట్లవి. ఆ రోజు ఎదుట ఉన్నది మానింగ్. అలాంటి క్వార్టర్‌బ్యాక్‌కు 29 గజాలు సులువు నిజమే గానీ, 66 గజాలూ అంత కష్టం కాదు, కాబట్టి పంట్ విలువ ఆ రోజు మామూలుకన్నా తక్కువేనని వాదించవచ్చు. బెలిచిక్ మనసులో ఉన్నది ఇదేనని నా అభిప్రాయం.

మరి లెక్క ఇంత స్పష్టంగా ఉంటే కోచ్‌లు ఇన్నేళ్లు ఎందుకు తన్నుతూ వచ్చారు? బర్క్‌లీ విశ్వవిద్యాలయపు ఆర్థికవేత్త డేవిడ్ రోమర్ ఈ ప్రశ్ననే పరిశోధించాడు. 2006లో అచ్చయిన ఆయన వ్యాసం ప్రకారం, ఆడడమే లాభమని లెక్క చెప్పిన నాలుగో డౌన్లలో పదింట తొమ్మిదిసార్లు జట్లు బంతిని తన్నేశాయి. దానికి నాకు తోచే కారణం నింద పడే తీరు. పంట్ చేసి ఓడిపోతే తప్పు డిఫెన్స్ మీదికి పోతుంది, ఎవరూ కోచ్‌ను అడగరు. ఆడి ఓడిపోతే నింద అంతా కోచ్ నెత్తిమీదే, ఉద్యోగానికే ఎసరు. 2009లో జరిగిందే అందుకు సాక్ష్యం. రెండో కారణం మరింత న్యాయమైనది. నాలుగో డౌన్‌లో ఒక గజం సాధించలేని జట్లు నిజంగానే ఉన్నాయి. ముందువరుస బలహీనంగా ఉన్నా, వాన పడుతున్నా, ఎదుట గట్టి డిఫెన్స్ ఉన్నా సగటు అంకె ఆ జట్టుకు వర్తించదు. తమ డిఫెన్స్ బాగా బలమైనదైతే పంట్ చేసి, ఎదుటివాణ్ని మూడు డౌన్లలో ఆపి, మంచి చోట బంతి తిరిగి సంపాదించుకోవడం కూడా తెలివైన ఆటే.

గత ఏడెనిమిదేళ్లలో గాలి మళ్లింది. ఫిలడెల్ఫియా ఈగిల్స్ 2018 ఫిబ్రవరిలో ఆడిన ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ సూపర్ బౌల్‌లో 33-32తో వెనకబడి, ఐదున్నర నిమిషాలకు పైగా ఆట ఉండగా, సొంత 45 దగ్గర నాలుగో డౌన్, ఒక గజం స్థితిలో పంట్ చేయకుండా ఆడింది. నిక్ ఫోల్స్ విసిరిన బంతిని జాక్ ఎర్ట్స్ పట్టుకుని రెండు గజాలు సాధించాడు, అదే దాడి టచ్‌డౌన్‌తో ముగిసింది, ఈగిల్స్ 41-33తో కప్పు గెలిచింది. ఆ తర్వాత ఇతర కోచ్‌లకూ ధైర్యం వచ్చింది. అర్కన్సాలోని లిటిల్ రాక్‌లో కెవిన్ కెల్లీ అనే హైస్కూలు కోచ్ అంతకన్నా చాలా ముందే పంట్‌ను దాదాపు మానేసి రాష్ట్ర టైటిళ్లు గెలిచాడు, కాకపోతే హైస్కూలు పంటర్ల తన్ను అంత దూరం పోదు కాబట్టి అక్కడ మారకపు ధర మొదటినుంచీ వేరు.

మీరు చూస్తున్నప్పుడు ఒక చిన్న నాటకాన్ని కూడా గమనించండి. నాలుగో డౌన్‌కు రెండు గజాలు మిగిలి, మైదానం మధ్యప్రాంతంలో ఉన్నప్పుడు జట్టు ఆడబోతున్నట్టే వరుసలో నిలబడుతుంది, క్వార్టర్‌బ్యాక్ గొంతు పెంచి తగ్గించి కేకలు వేస్తాడు, స్నాప్ మాత్రం జరగదు. డిఫెన్స్‌లో ఎవడైనా తొందరపడి ముందుకు దూకితే ఐదు గజాల జరిమానా పడి, ఆ ఐదుతో కావలసిన రెండూ వచ్చేసి ఉచితంగా మొదటి డౌన్ దక్కుతుంది. ఎవరూ దూకకపోతే స్నాప్‌కు ఇచ్చిన గడువు అయిపోయి ఆలస్యానికి ఐదు గజాల జరిమానా తమకే పడుతుంది, అప్పుడు నింపాదిగా పంటర్ మైదానంలోకి వస్తాడు. పోయిన ఐదు గజాలకు ఆ జట్టు పెద్దగా బాధపడదు. మధ్యప్రాంతంనుంచి తన్నేటప్పుడు బంతి గోల్ గీత దాటిపోకుండా ఆపుకోవడానికి పంటర్‌కు ఆ ఐదు గజాలు ఒక్కోసారి కలిసి వస్తాయి కూడా.